అంచున నిలబడిన తవిటమ్మ

ఆషాఢ మాసానికి పుట్టింటికి వచ్చిన దేవిశ్రీ, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం జంషెడ్‌పూర్ భాలుబాసాలోని వీడియో స్టూడియో మెట్లెక్కింది. చేతిలో తన పెళ్లి డీవీడీ ఉంది. లోపల కంప్యూటర్ ముందు మైత్రి ఒక్కతే కూర్చుని ఉంది. కెమెరా పట్టే చిన్నారావు ఆ పూట బిష్టుపూర్‌లో ఎవరింటికో బారసాలకు వెళ్లాడు.

మైత్రి ఆమెను చూడగానే గుర్తుపట్టి నవ్వింది. వైశాఖంలో బారిడీహ్ కమ్యూనిటీ హాల్లో జరిగిన పెళ్లి అది. ఆ వీడియో ఎడిట్ చేస్తూ పది రోజుల పాటు ఆ అమ్మాయి మొహాన్ని తెర మీద ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది. పెళ్లికూతురు తలంబ్రాలప్పుడు ఎలా కళ్లు మూసుకుంటుందో కూడా ఆమెకు తెలుసు. దేవిశ్రీకి మాత్రం మైత్రి దాదాపు కొత్త మనిషి.

దేవిశ్రీ కూర్చోలేదు. జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగిన పిల్లలందరిలాగే ఆమెకు మనసులో మాట ముందు హిందీలోనే వస్తుంది.

"దీదీ, పూరా దేఖ్ లియా. దో బార్. అమ్మ కహీఁ నహీఁ హై."

మొత్తం రెండుసార్లు చూసినా అమ్మ ఎక్కడా లేకపోవడమేమిటి, ఎక్కడో ఉంటుందిలే అని మైత్రి అంది. లేదని దేవిశ్రీ చెప్పింది. పెదనాన్న అప్పన్న, పెద్దమ్మ వరహాలమ్మ కాళ్లు కడిగి కన్యాదానం చేసినదంతా ఉంది. బరంపురం నుంచి వచ్చిన మగపెళ్లివారు అందరూ ఉన్నారు. వడ్డించినవాళ్లు కూడా ఉన్నారు. అమ్మ తవిటమ్మ లేదు. ఒకచోట లేత గోధుమరంగు చీర కుచ్చెళ్లు తెర అంచున కనిపించి మాయమయ్యాయి. అవి అమ్మవే.

నిన్న సాయంత్రం భుయ్యాడీహ్‌లో, పెదనాన్న పెద్దమ్మలతో కలిసి ఉండే ఇంట్లో ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్లూ కూర్చుని చూశారట. తవిటమ్మ చివరి దాకా చూసి, అన్నం పెట్టాలంటూ లేచి వెళ్లిందట. దేవిశ్రీ వెనకాలే వెళ్లి, వీడియో వాళ్లను అడుగుతానంటే ఆమె వద్దంది. "వోల్లు మంచిపనే సేసినారే. సుబకార్యంలో నా మొకం ఎందుకు?" అందట.

తవిటమ్మ భర్త పోయి పన్నెండేళ్లయింది. అందుకే పెళ్లిపీటల మీద బావగారు, తోడికోడలు కూర్చున్నారు. ఆమె దూరంగా, స్తంభం పక్కన నిలబడింది.

"ఒక మాట నిజం చెప్పండి," అంది దేవిశ్రీ, ఈసారి తెలుగులో. "పెద్దమ్మ చెప్పిందా, అమ్మను తీసేయమని?"

మైత్రి వెంటనే లేదని చెప్పవలసింది. ఆ మాట నోటి దాకా వచ్చింది. వరహాలమ్మ తనతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. కానీ లేదంటే, మరి ఎవరు తీశారని రెండో ప్రశ్న వస్తుంది. దానికి జవాబు ఆమెకు అప్పటికే లీలగా తెలుసు.

"నేను చూసి చెబుతాను. రేపు రా," అంది.

దేవిశ్రీ ఆమె మొహంలోకి కాసేపు చూసి, తల ఊపి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

*

చిన్నారావు పాతికేళ్లుగా ఈ ఊళ్లో పెళ్లిళ్లు తీస్తున్నాడు. మొదట ఫొటోలు, తర్వాత భుజం మీద మోసే పెద్ద వీడియో కెమెరా. సాక్చీ నుంచి బారిడీహ్ దాకా ఆంధ్రా వాళ్ల ఇళ్లలో ఏ పాత క్యాసెట్ తీసినా ఆయన తీసిందే అయి ఉంటుంది. మైత్రి తండ్రి భీమశంకర్ ఉక్కు కంపెనీలో ఇంజనీరు. కూతురు కంప్యూటర్ కోర్సు చేసి పెళ్లి వీడియోలు కత్తిరిస్తానంటే ఆయనకు మొదట నచ్చలేదు. చిన్నారావు ఇంటికి వచ్చి, టీ తాగి, అమ్మాయి కన్ను మంచిదని చెప్పి ఒప్పించాడు. పని నేర్పింది కూడా ఆయనే. ఎక్కడ కోయాలి, ఎక్కడ ఆగాలి, ఏడుస్తున్న మనిషి మీద ఎంతసేపు ఉండాలి, అన్నీ. మైత్రి ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది.

కొత్తగా చిన్న డిజిటల్ కెమెరా కొన్నాక బొమ్మ వణకడం మొదలైంది. బరువైన పాత కెమెరా భుజం మీద ఆనుకుని ఉండేది. చేతిలో వణుకు ఉన్నా ఆ బరువు మింగేసేది. ఈ కొత్తది అరచేతిలో పట్టేంత. కొంచెం కుదుపును సరిచేసే ఏర్పాటు దానిలోనే ఉంది కాని, అంతకు మించితే దాని వల్ల కాదు. అలవాటు లేకపోవడం వల్లనే అని మైత్రి మొదట అనుకుంది. తర్వాత ఒకసారి ఆయన టీ గ్లాసు బల్ల మీద పెడుతుంటే అది టకటకమని కొట్టుకోవడం చూసింది. ఆయన గ్లాసు వదిలేసి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఎలా అడగాలో తెలియక, ఆమె వేరే దారి పట్టింది. ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. వణికే బొమ్మను నిలకడ చేస్తుంది. అది చేసేది మంత్రమేమీ కాదు. ఒక్కొక్క ఫ్రేమునూ దాని ముందరి ఫ్రేముతో పోల్చి చూస్తుంది. గోడ, స్తంభం, సీరియల్ లైట్లు, ఇవన్నీ ఎంత పక్కకు జరిగాయి, ఎంత పైకి లేచాయి, ఎంత వాలాయి అని లెక్క తీస్తుంది. ఆ లెక్కలన్నీ కలిపితే కెమెరా నడిచిన దారి ఒక గీతలా వస్తుంది. వణికే చేతిలో అది రంపపు పళ్లలా ఉంటుంది. ఆ పళ్లను నునుపు చేసి, కావాలని తిప్పిన నెమ్మది కదలికను మాత్రం ఉంచి, ప్రతి ఫ్రేమునూ వణుకుకు ఎదురు దిక్కున జరుపుతుంది. బొమ్మ కుడికి ఎగిరితే ఎడమకు, పైకి ఎగిరితే కిందికి.

అలా జరిపినప్పుడు ఫ్రేముకు ఒక పక్కన ఖాళీ వస్తుంది. కెమెరా చూడని చోటును కంప్యూటర్ ఎక్కడి నుంచి తెస్తుంది? అక్కడ నల్లటి అంచు పడుతుంది. ఆ నలుపు ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క తొంగిచూస్తూ ఉంటే అసహ్యంగా ఉంటుంది. అందుకని బొమ్మ మొత్తాన్ని కొంచెం పెంచి, నలుపు తెర బయటికి పోయేలా చేస్తారు. పెంచితే నాలుగు పక్కలా ఉన్నది కొంత పోతుంది. ఎంత పోతుందనేది కుదుపును బట్టి ఉంటుంది. షాట్ అంతా చిన్నగా వణికి, ఒక్కసారి మాత్రం ఎవరో భుజం తగిలి కెమెరా గట్టిగా ఊగినా, ఆ ఒక్క ఊపుకు సరిపడా షాట్ మొత్తాన్నీ పెంచాల్సిందే.

మొదటిసారి ఒక్క షాట్‌కే చేసింది. తర్వాత ఒక పెళ్లిలో సగానికి. దేవిశ్రీ పెళ్లి నాటికి అన్నిటికీ చేస్తోంది. అంచులు పోతే ఏం పోతుంది, మధ్యలో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఉన్నారు కదా అనుకుంది. పూర్తయిన డీవీడీ చిన్నారావు తన ఇంట్లో టీవీలో చూసుకుని, బాగుందని సంతోషంగా చెప్పేవాడు. దేవిశ్రీ పెళ్లిది మాత్రం చూడడానికి ఆయనకు తీరిక దొరకలేదు.

దేవిశ్రీ వెళ్లిన తర్వాత మైత్రి తన కాపీ తీసి పెట్టి చూసింది. ఇంతకుముందు మధ్యలోకి చూసింది. ఇప్పుడు అంచులకేసి చూసింది. జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు చిన్నారావు కెమెరా పెట్టిన చోటు నుంచి కుడి పక్కన స్తంభం సగం తెగి ఉంది. ఆ స్తంభం కోసం అంత చోటు ఎందుకు వదిలాడని ఎడిట్ చేసేటప్పుడు ఆమె ఒకసారి విసుక్కుంది కూడా. పెళ్లికూతురు నడిమధ్యలో లేదు, కొంచెం ఎడమకు ఉంది. ప్రతి షాట్‌లోనూ అంతే. ఇప్పుడు అర్థమైంది. ఆయన కుడి పక్కన చోటు వదిలింది స్తంభం కోసం కాదు, స్తంభం పక్కన మనిషి కోసం. టీవీలు సహజంగానే నాలుగు అంచులూ కొంచెం మింగేస్తాయి, అందుకే ముఖ్యమైన మనిషిని మరీ అంచున పెట్టకూడదని ఆమెకు నేర్పింది ఆయనే. ఆ మింగే మేర వదిలి, దానికి ఇవతల తవిటమ్మను నిలిపాడు. ఆ ఇవతలి మేరను మైత్రి కోసేసింది.

అసలు బొమ్మ కోసం వెతికింది. కంప్యూటర్‌లో చోటు చాలక, డీవీడీ ఇచ్చిన మర్నాడే ఫైళ్లన్నీ తుడిచేసింది. టేపుల పెట్టె తీసింది. దేవిశ్రీ పెళ్లి టేపుల మీద ఆ తర్వాత ఒక గృహప్రవేశం, ఒక రిటైర్‌మెంట్ పార్టీ ఎక్కాయి. పాత టేపుల మీదే మళ్లీ తీయడం వాళ్లకు అలవాటు. చివరి టేపు మాత్రం మిగిలి ఉంది. అందులో అప్పగింతలు ఉన్నాయి. ఎడిట్ చేసేటప్పుడు పనికిరాదని ఆమె పూర్తిగా పక్కన పెట్టిన భాగం అది.

*

మర్నాడు దేవిశ్రీ వచ్చేసరికి కళ్లు ఉబ్బి ఉన్నాయి. రాత్రి పెద్దమ్మను అడిగేసిందట. వీడియో వాళ్లకు నువ్వే చెప్పావు కదా, మా అమ్మ కనపడితే అపశకునమని నువ్వే తీయించావు కదా అని. వరహాలమ్మ విని, పొయ్యి ఆర్పేసి పడుకుందట. పొద్దున్న టీ పెట్టలేదట.

"మీరు నిన్న లేదని చెప్పలేదు కదా, దీదీ," అంది దేవిశ్రీ. "అంటే నిజమే అనుకున్నాను."

మైత్రి లేచింది. కుర్చీ ఆమె వైపు జరిపి, చెప్పడం మొదలుపెట్టింది. మీ పెద్దమ్మ నాతో ఒక్క మాట కూడా అనలేదు. ఎవరూ చెప్పలేదు. బొమ్మ వణికింది, దాన్ని నిలబెట్టడానికి నేను అంచులు కోశాను, ఆ అంచులో మీ అమ్మ ఉంది. నిన్ననే నాకు తెలుసు. చెప్పడానికి భయపడ్డాను.

దేవిశ్రీ ఆ కుర్చీలో కూర్చుంది. తర్వాత, కోసింది మళ్లీ అతికించడం కుదరదా అని అడిగింది. అసలు టేపుల మీద వేరేవి ఎక్కాయని మైత్రి చెప్పింది. మిగిలింది ఒక్క అప్పగింతల షాటే అని, అందులో మీ అమ్మ ఉంది కానీ అది బాగాలేదని చెప్పింది.

"చూపించండి."

టేపు కెమెరాలో పెట్టి కంప్యూటర్‌కు తగిలించింది. సంధ్యవేళ, హాలు గేటు దగ్గర, బరంపురం వెళ్లే కారు ముందు. లైటు తీగ అక్కడి దాకా రాలేదు. చిన్నారావు గుంపుకు దూరంగా మెట్ల మీద నిలబడి జూమ్ చేశాడు. స్తంభం పక్కనుంచి అంతదాకా కదలని తవిటమ్మ, గుంపును తోసుకుని వచ్చి కూతుర్ని రెండు చేతులతో పట్టుకుంది. అది కనిపించీ కనిపించకుండా, తెర అంతా ఎగిరిపడుతూ పోయింది. దూరం నుంచి దగ్గరకు లాగినప్పుడు మనిషితో పాటు వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది.

"దీన్ని కూడా నిలబెట్టండి. మిగతావి చేశారు కదా," అంది దేవిశ్రీ.

మైత్రి ప్రయత్నించింది. దేవిశ్రీ పక్కనే కూర్చుని ఉండగా సాఫ్ట్‌వేర్ లెక్క తీసింది. వచ్చిన మొదటి ఫలితంలో కారు పక్కకు ఈడ్చుకుపోతోంది. ముందు నుంచి ఎవరో భుజం అడ్డుగా నడిచి వెళ్లారు. కంప్యూటర్ ఆ భుజాన్నే గోడ అనుకుని దాన్ని నిలబెట్టి, మిగతా లోకాన్నంతా జరిపింది. మైత్రి ఆ ముక్క వదిలేసి, కారు నంబరు పలకనూ గేటు కడ్డీలనూ మాత్రమే పట్టుకోమని మళ్లీ చేసింది. ఈసారి కారు నిలబడింది. కానీ నలుపు పోవాలంటే బొమ్మను ఎంత పెంచవలసి వచ్చిందంటే, తల్లీకూతుళ్లలో ఒకరి చెవి, ఇంకొకరి జడ తప్ప ఏమీ మిగల్లేదు.

"పెంచకండి. నలుపు ఉంటే ఉండనీ."

పెంచకుండా చేసింది. నల్లటి తెర మధ్యలో బొమ్మ చట్రం అటూ ఇటూ గంతులు వేస్తోంది, లోపల కారు మాత్రం మేకు కొట్టినట్టు నిలిచి ఉంది. తవిటమ్మ కూడా ఇప్పుడు ఒకే చోట ఉంది. కానీ ఆమె మొహం మొహంలా లేదు. ఒక క్షణం కళ్లూ ముక్కూ ఉన్నట్టు అనిపిస్తుంది, మరుక్షణం తడి చేత్తో తుడిచిన ముగ్గులా సాగిపోతుంది. మళ్లీ తేరుకుంటుంది, మళ్లీ చెదిరిపోతుంది.

"ఆగింది కదా, మరి ఎందుకు ఇలా?" అంది దేవిశ్రీ.

ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య వణుకును తీసేయొచ్చు, ఫ్రేము లోపలి వణుకును తీయలేం అని మైత్రి చెప్పింది. మసక వెలుతురులో కెమెరా కన్ను ఒక్కొక్క బొమ్మకూ ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. అంత కొద్ది సేపట్లోనే చెయ్యి కదిలింది. కదిలిన మేరా మొహం బొమ్మ లోపలే సాగి అచ్చయింది. వణుకుతున్నప్పుడు ఎలాగూ అంతా అదురుతోంది కాబట్టి కంటికి తెలియలేదు. నిలబెట్టాక తెలుస్తోంది. ఆ సాగిన దాని కింద అసలు మొహం ఎక్కడా దాగి లేదు, తీసి ఇవ్వడానికి. ఆపైన కొన్నిచోట్ల చెయ్యి ఎంత దూరం పోయిందంటే మీ అమ్మ ఫ్రేము బయటికే వెళ్లిపోయింది. టేపు మీదికి ఎక్కనిదాన్ని ఎవరూ తేలేరు.

వెనక గొడుగు మూసిన చప్పుడైంది. చిన్నారావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో వాళ్లు గమనించలేదు.

"ఒకసారి అసలుది ఎయ్యి," అన్నాడు.

మైత్రి కదల్లేదు. ఆయన మళ్లీ అడిగాడు. సరిచెయ్యని షాట్ వేసింది. ఆయన కుర్చీ వెనక నిలబడి, చివరి దాకా చూశాడు.

"ఇది నాను తీసిందేనా?"

"అవును బాబాయ్."

"ఈ ఒక్కటేనా, అన్నీ ఇలాగేనా?"

మైత్రి అబద్ధం చెప్పలేకపోయింది. ఏడాదిగా అన్నీ కొంచెం కొంచెం ఇలాగే వస్తున్నాయని, అన్నిటినీ తాను సరిచేస్తూ వచ్చానని చెప్పింది. చెబుతూ చెబుతూ దేవిశ్రీ తల్లి సంగతి కూడా చెప్పేసింది. చిన్నారావు నెమ్మదిగా బల్ల మీద కూర్చున్నాడు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకున్నాడు.

"సెయ్యి అదురుతున్నాదని నాకు తెల్దేటి? తెలుసు. ఇంట్లో అన్నం కలుపుకుంటే మెతుకులు రాల్తన్నాయి. కానీ నువ్విచ్చిన డీవీడీలు సూసి, బొమ్మ దాకా రాలేదులే అనుకున్నాను. ఆ దైర్నంతోనే గేటు కాడ సేత్తో పట్టీసినాను. కెమెరా స్టాండు ఆటోలోనే ఉన్నాది, మైత్రీ. ఆటోలోనే."

గొంతు ఏమీ పెంచలేదు. తిట్టి ఉంటే మైత్రికి కొంచెం తేలికగా ఉండేది.

"మీరు బాధపడతారని..."

"అవును. బాద పడుదును." ఆయన దేవిశ్రీ వైపు తిరిగాడు. "పద తల్లీ, మీ ఇంటికెల్దాం. మీ పెద్దమ్మ మీద పడ్డ మాట ముందు తీయాలి."

*

సాయంత్రం అప్పన్న ఇంట్లో అందరూ ఉన్నారు. అప్పన్న డ్యూటీ దిగి వచ్చి స్నానం చేసి, బనీనుతో నులకమంచం మీద కూర్చున్నాడు. వరహాలమ్మ వంటింటి గుమ్మంలో ఉంది. ఆమె దేవిశ్రీ వైపు చూడలేదు. తవిటమ్మ గోడవార చాప మీద కూర్చుని చేటలో శనగలు ఏరుతోంది.

చెప్పవలసింది తనే అని మైత్రి దారిలోనే అనుకుంది. చిన్నారావును మాట్లాడనివ్వకుండా ముందు తనే మొదలుపెట్టింది. వరహాలమ్మగారు తమతో ఏమీ అనలేదని, ఇందులో ఎవరి మాటా లేదని, తప్పు తనదేనని చెప్పింది. బాబాయ్ తీసిన ప్రతి షాట్‌లోనూ తవిటమ్మగారు ఉన్నారని, వణుకు దాచడానికి బొమ్మను పెంచి అంచులు కోసింది తనేనని చెప్పింది. నిన్న అడిగినప్పుడు చెప్పకుండా ఊరుకోవడం వల్ల ఇంట్లో మాట వచ్చిందని కూడా చెప్పింది.

వరహాలమ్మ అంతా విని, "నాకు సెప్తే నానే ముందుకు తెచ్చి నిలబెడుదును దాన్ని," అంది. మైత్రితో కాదు, గోడతో అన్నట్టు. తర్వాత లోపలికి వెళ్లిపోయింది. దేవిశ్రీ ఆమె వెనక వెళ్లింది.

చిన్నారావు కెమెరా తీసి, తీగలతో వాళ్ల టీవీకి కలపబోయాడు. ప్లగ్గు రంధ్రంలో దూరక రెండుసార్లు జారింది. అప్పన్న లేచి అందుకుని తగిలించాడు. ఏమీ సరిచేయని అప్పగింతల షాట్ వేశారు. పెద్ద తెర మీద అది ఇంకా ఎక్కువ ఊగింది. తవిటమ్మ చేట పక్కన పెట్టి చూసింది. రెండు చేతులు కూతురి మెడ చుట్టూ పడేసరికి ఆమె పెదవులు కదిలాయి. తెర మీద మాత్రం ఆమె మొహం కనిపించలేదు. కెమెరా ఒక్కసారి ఆకాశానికి పోయి, దిగి, ఎవరివో వీపులు చూపించి ఆగిపోయింది.

"అమ్మా, నిన్ను నాను వొగ్గేయనేదు," అన్నాడు చిన్నారావు. "జీలకర్ర కాడ, తాళి కాడ, తలంబ్రాల కాడ, అన్నింట్లోనూ ఎట్టుకున్నాను. దేవిశ్రీ నీకేసి సూస్తా ఉన్నాది గదా, అందుకని."

తవిటమ్మ తల ఊపింది. "తెలుసు బాబూ. నువ్వు నాకేసి కెమెరా తిప్పడం నాను సూసినాను. అందుకే కొంగు సరిసేసుకున్నాను."

అంటే టీవీ ముందు కూర్చున్నప్పుడు తెర మీద తాను కనిపిస్తానని ఆమె ఎదురుచూసింది. మైత్రి ఆ మాటకు తల దించుకుంది. ఆమె తల దించుకున్నది తవిటమ్మ చూసింది. కోపం లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"కోసేటప్పుడు నువ్వు నన్ను సూడ్నేదా అమ్మా?"

కోస్తే పోయేది ఎవరో చూసి, ఫరవాలేదని కోసి ఉంటే అదొక రకం. మైత్రి అసలు చూడనే లేదు. ఆ షాట్‌ను నిలబెట్టడానికి ఆమె చాలాసార్లు స్తంభాన్నే చూసింది. స్తంభం మీద చుట్టిన సీరియల్ బల్బుల్లో ఒకదాన్ని గుర్తుగా పట్టుకుని, అది కదులుతోందా ఆగిందా అని తెరకు కళ్లు ఆనించి చూసింది. దాని పక్కనే ఒక మనిషి నిలబడి ఉంది.

"చూడలేదండీ," అంది. "మీ పక్కనున్న బల్బును చూశాను."

తవిటమ్మ చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

బయలుదేరేటప్పుడు చిన్నారావు, ఒక పూట స్టాండు తెచ్చి తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టి తీస్తానని, మళ్లీ అవే చీరలు కట్టుకోమని అడిగాడు. తవిటమ్మ వద్దంది. "ఆ రోజు అయిపోనాది బాబూ. ఇప్పుడు కూకుంటే అది యేసమే గదా." ఊగే షాట్‌ను మాత్రం ఉన్నదున్నట్టు ఒక డీవీడీలో ఎక్కించి ఇమ్మని లోపలి నుంచి వచ్చిన దేవిశ్రీ అడిగింది. మైత్రి మర్నాడే ఇచ్చింది. ఏమీ పెంచలేదు, ఏమీ కోయలేదు.

*

చిన్నారావు డాక్టరు దగ్గరకు వెళ్లాడు. వయసుతో కొందరికి వచ్చే వణుకే అని, ప్రమాదం లేదని చెప్పి మాత్ర రాశారు. ముందే వచ్చి ఉంటే బాగుండేదని కూడా అన్నారట. ఆ మాట ఆయన మైత్రికి మామూలుగానే చెప్పాడు. చేత్తో తీయడం మానేశాడు. స్టాండు మీద పెట్టి తీయగలిగినంతే తీస్తానని ముందే చెప్పేస్తున్నాడు. ఊరేగింపులు, అప్పగింతలు వేరే కుర్రాళ్ల చేత తీయించుకోమంటున్నాడు. కొందరు అలాగేలే అన్నారు, కొందరు వేరే స్టూడియోలకు పోయారు. టేపు ఎక్కించగానే తనకు చూపించనిదే మైత్రిని దేనికీ చెయ్యి పెట్టనివ్వడం లేదు. పక్కన కూర్చుని చూస్తాడు. ఇద్దరూ పని గురించే మాట్లాడుకుంటారు. మునుపటిలా టీ తాగుతూ ఊరి కబుర్లు చెప్పడం మాత్రం ఆయన తగ్గించేశాడు. ఎందుకో మైత్రికి తెలుసు.

సాఫ్ట్‌వేర్ వాడకం ఆమె మానలేదు. చిన్న అదురుకు అది పనికొస్తుంది. కాని పెంచే ముందు షాట్‌ను మొదటి నుంచి చివరి దాకా నడిపి, నాలుగు పక్కలా ఎవరున్నారో చూస్తుంది. ఎవరైనా ఉంటే అదురును అలాగే ఉండనిస్తుంది. బొమ్మ ఊగుతోందని పెళ్లివారు అంటే, అవునండీ అంటుంది.

దేవిశ్రీ శ్రావణంలో బరంపురం వెళ్లిపోయింది. వరహాలమ్మ ఆమెకు బొట్టు పెట్టి, జాకెట్ ముక్క ఇచ్చి పంపిందని, కానీ కారు దాకా రాలేదని అప్పన్న ఎప్పుడో చిన్నారావుతో అన్నాడు.

శీతాకాలంలో ఒక ఆదివారం మైత్రి సాక్చీ కూరల బజారులో తవిటమ్మను చూసింది. బఠాణీల బండి దగ్గర బేరమాడుతోంది. మైత్రి మొదట పక్క వరుసలోకి తప్పుకుంది. నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి పలకరించింది. తవిటమ్మ గుర్తుపట్టింది. నాన్నగారు కులాసాయా అని అడిగింది. దేవిశ్రీకి నెల తప్పిందని చెప్పింది. చెబుతుంటే ఆమె మొహం నిండా వెలుతురు వచ్చింది. మైత్రి ఆ మొహాన్నే చూస్తూ నిలబడింది. ఇంత దగ్గరగా ఇంతకుముందు చూడలేదని అప్పుడు తోచింది.

సంచీ బరువుగా ఉందని మైత్రి అందుకుని, భుయ్యాడీహ్ ఆటోలు ఆగే చోటు దాకా మోసుకెళ్లింది. దారిలో క్షమించమని అడగాలనుకుంది. ధరల గురించి, చలి గురించి మాట్లాడింది. ఆటో నిండింది. తవిటమ్మ ఎక్కి కూర్చుని, సంచీ కాళ్ల మధ్య సర్దుకుని, వత్తానమ్మా అంది. మైత్రి చెయ్యెత్తింది. ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే ఉండి, తర్వాత స్టూడియో వైపు నడిచింది.